పచ్చళ్లు, పొడుల ప్యాకింగ్ ఇంట్లోనే చేసుకోవాలా, గోడౌన్‌కి ఇవ్వాలా? గుంటూరు, విజయవాడ వాళ్లు చెప్పండి

బ్రాడీపేట పొడులు
మాది గుంటూరు. కందిపొడి, కారప్పొడి, గోంగూర, పండుమిర్చి ఇలా మొత్తం 22 రకాలు అమ్ముతాం. రోజుకి ఇరవై ఆర్డర్లు, అంటే నెలకి 600, ఒక్కో ఆర్డర్‌లో సగటున మూడు సీసాలు. ముందు గదిలో కాలు పెట్టడానికి చోటు లేదు, సాయంత్రం కొరియర్ అబ్బాయి గుమ్మం దగ్గర నిలబడితే ఇంకా టేపు వేస్తూనే ఉంటాను. గన్నవరం వైపు ఒక ఫుల్‌ఫిల్‌మెంట్ గోడౌన్, అంటే మన సరుకు పెట్టుకుని ఆర్డర్లు ప్యాక్ చేసి పంపేవాళ్లు, రేట్లు ఇచ్చారు. ఆర్డర్‌లో మొదటి సీసాకి 18 రూపాయలు, ఆ పైన ప్రతి సీసాకి 4, సరుకు దింపుకున్నప్పుడు సీసాకి 2, నిల్వకి నెలకి 2,500, వాపసు వచ్చిన పార్సిల్‌కి 15. అట్టపెట్టె ఖర్చు వేరు. ఇప్పుడు సహాయానికి వచ్చే అమ్మాయికి 9,000 ఇస్తున్నాను. ఆ గది అద్దెకిస్తే 3,000 వస్తుంది. మారితే నష్టమా, లాభమా?

ఆటోనగర్ రవి
సింపుల్ మేడమ్. రోజుకి యాభై ఆర్డర్లు దాటితే గోడౌన్, దాటకపోతే ఇల్లు. మీరింకా ఇరవైలో ఉన్నారు కాబట్టి ఆలోచించకండి.

గొల్లపూడి శీను
రవి అన్నా, యాభై అన్న లెక్క ఒక్కో సీసా పోయే వాళ్లకి సరిపోతుందేమో, మూడేసి సీసాల ఆర్డర్లకి సరిపోదు. నేను ఎనిమిదేళ్లు గోడౌన్‌లో పనిచేశాను, ఈవిడ లెక్కే వేసి చూద్దాం. ఆర్డర్‌కి 18 ప్లస్ 8, అంటే 26. 600 ఆర్డర్లకి 15,600. నెలకి 1,800 సీసాలు దింపుకుంటే 3,600. నిల్వ 2,500. నెలకి నలభై వాపసులు అనుకుంటే 600. మొత్తం 22,300. అక్కా, కొటేషన్‌లో కింద ఎక్కడో నెలవారీ మినిమమ్ బిల్లు అని రాసి ఉంటుంది, అదెంతో చూశారా?

బ్రాడీపేట పొడులు
ఇప్పుడే చూశాను. 25,000 అని ఉంది, చిన్న అక్షరాల్లో. నాకు ఫోన్‌లో చెప్పనే లేదు.

గొల్లపూడి శీను
అదే ముఖ్యం. మీ వాడకం 22,300 అయినా కట్టేది 25,000, ఆర్డర్‌కి దాదాపు 42 రూపాయలు. దీని మీద జీఎస్టీ 18 శాతం. మీరు జీఎస్టీ రెగ్యులర్ స్కీమ్‌లో ఉంటే అది క్రెడిట్‌గా తిరిగొస్తుంది, కాంపోజిషన్ స్కీమ్‌లో ఉంటే రాదు, ఆ డబ్బు పోయినట్టే. ఇంట్లో అయితే 9,000, 3,000 కలిపి 12,000, ఆర్డర్‌కి 20. కానీ మీ మూడు గంటలు ఊరికే వస్తున్నాయా? గంటకి వంద వేసుకున్నా నెలకి 9,000, అప్పుడు 35 అవుతుంది. చాలామంది ఈ 20ని, ఆ 42ని పక్కపక్కన పెట్టుకుని గోడౌన్ దోపిడీ అంటారు. సరైన పోలిక 35కీ 42కీ. అట్టపెట్టె రెండు చోట్లా మీ ఖర్చే కాబట్టి తీసేశాను.

అదే వెయ్యి ఆర్డర్లు అయితే గోడౌన్‌కి సుమారు 35,500 అవుతుంది. ఇంట్లో ఇద్దరు మనుషులు, బయట ఒక గది అద్దె 7,000, మీ నాలుగు గంటలు కలిపితే 37,000. అక్కడ రెండూ దాదాపు సమానం అయిపోతాయి. ఇంటి ఖర్చు మెల్లగా పెరగదు, రెండో మనిషిని పెట్టుకున్న రోజున, గది అద్దెకి తీసుకున్న రోజున ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ రెండో మనిషి అవసరం ఎప్పుడొస్తుందో అదే మీరు మారాల్సిన సమయం, ఆర్డర్ల అంకె కాదు.

మంగళగిరి నేత
మాది చీరల వ్యాపారం అండి. మేము ఒక పెద్ద వెబ్‌సైటు వాళ్ల గోడౌన్‌లోనే పెట్టాం, ప్యాకింగ్ వాళ్లే చేస్తారు, చాలా బాగుంది. కానీ ఒక్కో చీర ఒక్కటే ఉంటుంది, రంగు మారితే వెనక్కి వచ్చేస్తుంది. ఆ వాపసులు ఎలా తగ్గించాలో ఎవరైనా చెప్పండి.

గొల్లపూడి శీను
అది వేరండి, వాళ్ల సైట్‌లో అమ్మిన సరుకుకి వాళ్ల గోడౌన్. ఈవిడ వాట్సాప్‌లో, తన సైట్‌లో అమ్ముతున్నారు. ఒక్కటే పీసు ఉండే చీరలు నాకు తెలిసి ఇంట్లో ఉంచుకోవడమే మంచిది. ప్రతి చీరకీ వేరే కోడ్, వేరే అర, కట్టేదంతా దానికే పోతుంది.

పటమట పచ్చళ్లు
నేను మారి ఆరు నెలలకే వెనక్కి వచ్చేశాను, అందుకే రాస్తున్నా. రేటు బాగానే ఉంది, దెబ్బ పెట్టె దగ్గర పడింది. ఇంట్లో అర కిలో సీసాకి 20, 15, 12 సెంటీమీటర్ల పెట్టె వాడేదాన్ని. గోడౌన్‌లో మూడే సైజులు, నా సీసా 30, 20, 15 పెట్టెలోకి వెళ్లింది. కొరియర్ వాళ్లు పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి 5000తో భాగించి బరువు కడతారు కదా, నాది 0.72 నుంచి 1.8కి పోయింది. అంటే ఒక కిలో స్లాబ్‌లో ఉన్నది రెండు కిలోల స్లాబ్. ప్యాకింగ్‌లో మిగిలిందంతా అక్కడే పోయింది, అదీ నాకు రెండో నెల కొరియర్ బిల్లులో బరువు కాలమ్ చూస్తే తెలిసింది.

ఇంకోటి, పాత బ్యాచ్ ముందు పంపాలని చెప్పినా కొత్త పెట్టె ముందు ఉందని దాన్ని తెరిచేవారు. నేను మా చెల్లి పేరుతో నెలకి రెండు ఆర్డర్లు పెట్టించేదాన్ని. గోంగూర సీసా వచ్చింది, మూత చుట్టూ నూనె, లేబుల్ మీద తేదీ చెరిగిపోయి జిడ్డుగా ఉంది, వేలు పెడితే ఎర్రగా అంటుకుంది. పైన సీల్ వేయలేదు నేను, అది నా తప్పే. నూనె కారితే పక్కవాళ్ల సరుకు కూడా పాడవుతుంది కదా, దానికి నన్ను కట్టమన్నారు. పచ్చళ్లు ఇచ్చే ముందు మూత లోపల ఫాయిల్ సీల్ మిషన్ కొనండి, లేదా ఇవ్వకండి.

బ్రాడీపేట పొడులు
అమ్మో, థ్యాంక్స్ అక్కా. పెట్టె సైజు నా బుర్రకి తట్టనే లేదు. మా కస్టమర్లు సగం పైన హైదరాబాద్‌లోనే ఉన్నారు, అక్కడి గోడౌన్‌లో పెడితే కొరియర్ ఖర్చు తగ్గుతుందని మా తమ్ముడు అంటున్నాడు.

గొల్లపూడి శీను
తగ్గుతుంది, కానీ అది వేరే రాష్ట్రం. తెలంగాణలో విడిగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి, మీ గుంటూరు నుంచి అక్కడికి మీ సరుకే పంపినా అమ్మినట్టే పన్ను కట్టాలి, అది తర్వాత క్రెడిట్ వచ్చినా ఆ డబ్బు మధ్యలో ఇరుక్కుంటుంది. గన్నవరం అయితే ఉన్న రిజిస్ట్రేషన్‌లోనే అదనపు వ్యాపార స్థలంగా కలిపితే చాలు. ఎక్కడ పెట్టినా తినే సరుకు కాబట్టి ఆ గోడౌన్‌కి ఫుడ్ లైసెన్స్ ఉండాలి, మీ ఇంటి లైసెన్స్ దానికి పనిచేయదు.

ఆటోనగర్ రవి
అలా అయితే ఎక్కువ పోయే ఐదు రకాలు గోడౌన్‌లో, మిగతావి ఇంట్లో పెట్టుకోవచ్చుగా. ఇద్దరికీ ఇబ్బంది ఉండదు.

పటమట పచ్చళ్లు
చేశాను. కందిపొడి అక్కడ, చింతకాయ ఇక్కడ, ఒకే ఆర్డర్‌కి రెండు పార్సిళ్లు, రెండు కొరియర్లు.

బ్రాడీపేట పొడులు
నిన్న రాత్రి కూర్చుని గత మూడు నెలల 1,800 ఆర్డర్లు తీసి చూశాను. ఎక్కువ పోయే ఐదు రకాల్లోనే పూర్తయ్యే ఆర్డర్లు 540. అంటే పదిలో మూడే. మిగతా ఏడింటిలో ఏదో ఒక చిన్న సీసా వేరేది ఉంటుంది. రవి గారు చెప్పింది నాకు కుదరదు.

ప్రస్తుతానికి ఇంట్లోనే. సాయంత్రం నాలుగు గంటలకి ఇంకో అమ్మాయిని రమ్మన్నాను, దసరా వరకు చూస్తాను. గన్నవరం వాళ్లని మూడు అడిగాను. మినిమమ్ బిల్లు మొదటి మూడు నెలలు మాఫీ చేస్తారా, నా సైజు పెట్టెలు నేనే పంపితే వాడతారా, ఫుడ్ లైసెన్స్ నంబర్ ఎంత అని. పెట్టెలకి సరే అన్నారు. మినిమమ్ బిల్లు గురించి పై వాళ్లని అడగాలన్నారు. లైసెన్స్ నంబర్ ఇంకా పంపలేదు.

పటమట పచ్చళ్లు
నంబర్ వచ్చేదాకా ఒక్క సీసా కూడా కదపకండి.