అప్‌డేట్: ఒక్క పోస్టర్‌తో నాలుగు డిజైన్ సూత్రాలు

నా ప్రశ్న: విజయనగరంలో మా స్కూల్ ఆర్ట్ క్లబ్ పిల్లలకు అలైన్‌మెంట్, రిపిటిషన్, కాంట్రాస్ట్, ప్రాక్సిమిటీ ఒక్క గజిబిజి పోస్టర్‌తో ఎలా చెప్పాలి?

అప్‌డేట్: సిరిమానోత్సవం బొమ్మల పోటీ పోస్టర్‌ను ముక్కలుగా కత్తిరించి పిల్లలకు ఇచ్చాను. తేదీ పై మూలన, సమయం అడుగున, చోటు మధ్యలో ఉన్నాయి. మూడూ దగ్గరకు చేర్చి చుట్టూ ఖాళీ వదిలారు, అదే ప్రాక్సిమిటీ. అన్నిటినీ ఒకే ఎడమ గీతకు ఆనిస్తే అలైన్‌మెంట్ కుదిరింది. చిన్న శీర్షికలన్నిటికీ ఒకే రంగు, ఒకే సైజు పెట్టి రిపిటిషన్ తొందరగానే ముగించాం.

కాంట్రాస్ట్ దగ్గరే గొడవ. ఆకుపచ్చ మీద ఎర్ర అక్షరాలు బాగా కనిపిస్తాయని పిల్లల వాదన. ఫోన్‌లో నలుపు తెలుపు ఫొటో తీస్తే రెండూ దాదాపు ఒకే బూడిద రంగు, అక్షరాలు మాయం! రంగులు వేరైనా వెలుగులో తేడా లేదు. ఆకుపచ్చను ముదురు చేసి, అక్షరాలను లేత పసుపుకు మార్చాక చివరి బెంచీ నుంచి కూడా చదివేశారు.