అప్‌డేట్: అద్దె లెక్కలో రెండు ఇంటర్వెల్స్

నా ప్రశ్న: "బెంగళూరు ఫ్లాట్లలో చదరపు అడుగు పెరిగితే అద్దె ఎంత పెరుగుతుందో చూస్తే, రెండు పద్ధతుల్లో రెండు ఇంటర్వెల్స్ వచ్చాయి. ఏది నమ్మాలి?"

అప్‌డేట్: మారతహళ్లి డేటా ఒక్కటే చూస్తే అంచనా 30 రూపాయలు, స్టాండర్డ్ ఎర్రర్ 10, 95% కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ సుమారు 10–50. రెండోది బేసియన్ పద్ధతి: అందులో నా ప్రయర్, అంటే డేటా చూడకముందు నా అంచనా, సగటు 20, ఎస్‌డీ 5. అంటే ప్రయర్‌కి డేటా కంటే నాలుగు రెట్లు బరువు! అందుకే రెండూ కలిపితే వచ్చే పోస్టీరియర్ సగటు 22కి దిగి, ఇంటర్వెల్ 13–31కి కుంచించుకుపోయింది.

ప్రయర్ ఎస్‌డీ 50 చేస్తే 10–49 వచ్చింది. అంకెలు దాదాపు ఒకటే, అర్థం మాత్రం వేరు. మోడల్‌నీ ప్రయర్‌నీ ఒప్పుకుంటే, అసలు విలువ 10–49 మధ్య ఉండే సంభావ్యత 95% అనొచ్చు. కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ గురించి అలా అనలేం: మళ్లీ మళ్లీ శాంపిల్ తీస్తే, వచ్చే ఇంటర్వెల్స్‌లో 95% అసలు విలువను పట్టుకుంటాయి, అంతే.

ఓనర్‌తో బేరానికి నాకు పనికొచ్చేది సంభావ్యత చెప్పే బేసియన్ ఇంటర్వెలే. ప్రయర్ సగటు 20ని పాత అద్దెల నుంచి తీసుకున్నాను కాబట్టి దాని ఎస్‌డీ 10 ఉంచాను, ఇప్పుడు 11–39.