మిర్చి యార్డులో ఒక రోజు చూశాను, తర్వాత ఏం చేయాలి?

వ్యాపార ఐడియా కోసం మొన్న గుంటూరు మిర్చి యార్డులో పొద్దంతా నోట్‌బుక్ పట్టుకుని తిరిగాను. (తుమ్ములే ఎక్కువ దొరికాయి.) బేరం కుదిరాక కూడా రైతులు కాటా కోసం తమ మిర్చి బస్తాల, అంటే టిక్కీల పక్కనే పడిగాపులు కాస్తున్నారు. ఒకాయన మాత్రం తన టిక్కీలకు ఎర్ర గుడ్డ పీలికలు కట్టి, టీ కొట్టు కుర్రాడి చేతిలో 20 రూపాయలు పెట్టి, "మా వంతు రాగానే ఫోన్ కొట్టరా" అని భోజనానికి వెళ్లాడు. ఆలస్యాన్ని తిట్టినవాళ్లు బోలెడుమంది, జేబులోంచి డబ్బు తీసింది ఈయనొక్కడే. అందుకే నోట్‌బుక్‌లో ఈ సంగతి కింద గీత గీసుకున్నాను.

కానీ రైతు సీజన్‌లో కొన్నిసార్లే వస్తాడు, కమీషన్ ఏజెంటు రోజూ ఉంటాడు. ఆయనకు ఈ ఆలస్యం నష్టమేనా? పైగా నేను చూసింది రద్దీ రోజు. యార్డు తెలిసినవాళ్లు చెప్పండి: సరుకు తక్కువొచ్చే రోజున మళ్లీ వెళ్లి చూడాలా, లేక కాటా వంతు ఎవరు నిర్ణయిస్తారో ముందు కనుక్కోవాలా?