అప్‌డేట్: నాన్నగారి వీసా ఫొటోలో అతికించిన కోటు

నేను అడిగింది: "అమెరికా విజిటర్ వీసా కోసం నాన్నగారికి ఫొటో తీయించాం. స్టూడియో వాళ్లు చొక్కా తీసేసి కంప్యూటర్‌లో కోటు, టై పెట్టారు. ముఖం ఆయనదే కదా, పెట్టవచ్చా?"

పెట్టలేదు. మళ్లీ తీయించాం.

పాత ఫొటోను పెద్దది చేసి చూస్తే విషయం అర్థమైంది. కోటు అతికించడానికి మెడ దగ్గర కత్తిరించారు. ఆ కత్తిరింపులో గడ్డం కింది నీడ పోయింది, మెడ సన్నబడింది, కుడి చెవి కింద వెంట్రుకలు చెరిగిపోయాయి. ముఖం మీద వెలుగు ఎడమ నుంచి, కోటు మీద కుడి నుంచి పడుతోంది. బట్టలు మార్చామనుకుంటాం కానీ మారేది మనిషి ఆకారం కూడా. ఆ ఫొటోనే అధికారులు ఎదురుగా నిలబడిన మనిషితో పోల్చి చూస్తారు. అందుకే సాఫ్ట్‌వేర్‌తో గానీ ఫిల్టర్లతో గానీ ఏ మార్పూ చేయకూడదని నిబంధన.

ఈసారి నాన్నగారు రోజూ వేసుకునే నీలం చొక్కాలోనే, నిజమైన తెల్ల గోడ ముందు, కళ్లజోడు తీసి కూర్చున్నారు. తరువాత చేసినవి రెండే పనులు. తల ఎత్తు ఫొటోలో 50 నుంచి 69 శాతం మధ్య ఉండేలా చతురస్రంగా కత్తిరించాం. 600 × 600 పిక్సెళ్లకు తగ్గించి, ఫైలును 240 కేబీ లోపు JPEGగా భద్రపరిచాం. మచ్చలు చెరపడం, రంగు తేల్చడం వద్దని స్టూడియో అబ్బాయికి ముందే గట్టిగా చెప్పాను.

కోటు మీద అంత ఇష్టముంటే నిజంగా తొడుక్కుని దిగవచ్చు, దానికి అభ్యంతరం లేదు.