దేవుడి He పెద్దక్షరమా చిన్నక్షరమా, అవతారాల దగ్గర ఇరుక్కుపోయా

నెల్లూరులో ఉండి ఒక ఇంగ్లీష్ పుస్తకం ఎడిట్ చేస్తా ఉండా, 410 పేజీలు, మన పెంచలకోన నరసింహస్వామి దగ్గర్నుంచి బైబిల్ దాకా అన్నీ ఉండాయి. Bible, Vedic పెద్దక్షరం, biblical చిన్నక్షరం అని స్టైల్ షీట్‌లో రాసేశా, దాంతో పేచీ లేదు. కొటేషన్లు కూడా ముట్టుకోలా, న్యూ కింగ్ జేమ్స్‌లో He, పాత కింగ్ జేమ్స్‌లో he, ఎట్టుంటే అట్టే.

చికాగో మాన్యువల్ ప్రకారం అన్నీ he చేద్దామంటే రచయిత ఒప్పుకోడు, దేవుడికి He ఉండాల్సిందే అంటాడు. సరేనని వర్డ్‌లో వైల్డ్‌కార్డ్స్ పెట్టి, వాక్యం మొదట్లో వచ్చేవి తగలకుండా ఇది వెతికా:

```
[a-z,;] He>
```

మధ్యలో ఉన్న He లన్నీ దొరికాయి గానీ అసలు తంటా అక్కడే మొదలైంది. 7వ అధ్యాయంలో గీత చెప్పే కృష్ణుడు He, రెండు పేజీల తర్వాత వెన్న దొంగిలించే కృష్ణుడు he. పేరుని బట్టి అన్నీ He చేసి చూశా, అడవిలో సీత కోసం ఏడ్చే రాముడు కూడా He అయిపోయి చదవడానికి ఎబ్బెట్టుగా ఉంది. సందర్భాన్ని బట్టి చేస్తే నాకే రోజుకో రకంగా తోస్తా ఉంది.

ఇట్టాంటి పుస్తకం ఎడిట్ చేసినోళ్ళు చెప్పండి, అవతారాలకి He రూల్ పేరుని బట్టి పెట్టారా, సందర్భాన్ని బట్టా?