హాస్టల్ విద్యార్థుల క్యారేజీ సర్వీసుకు పేరు, ట్యాగ్‌లైన్ సూచించగలరా?

నెల చందా మీద హాస్టల్ విద్యార్థులకు రెండు పూటలా భోజనం క్యారేజీలు పంపబోతున్నాం. తక్కువ బడ్జెట్‌లో నెల గడిపేవాళ్ల కోసం. పేరు దగ్గరే ఆగిపోయాం.

'పూటబువ్వ' అనుకున్నాం. పలకడానికి హాయిగా ఉంది, క్యారేజీ మూత మీద చిన్న స్టిక్కర్‌లోనూ పడుతుంది. చిక్కల్లా ఇంగ్లిష్ అక్షరాలతోనే. ఒకరు Buvva అని, ఇంకొకరు Buwa అని టైప్ చేస్తారు. స్నేహితుడు చెబితే విని ఫోన్‌లో వెతికేవాళ్లకు మా నంబరు దొరకదు, కొత్తవాళ్లు చేరేదేమో ఆ నోటిమాటతోనే. 'హాస్టల్ టిఫిన్స్' అంటే ఆ బెడద లేదు. కానీ సరుకును వర్ణించే మాటలే కాబట్టి ట్రేడ్‌మార్క్ రావడం కష్టం. పైగా తెలుగులో టిఫిన్ అంటే పొద్దుటి ఫలహారమే అనుకుంటారు.

ట్యాగ్‌లైన్‌లో 'చవక' వద్దు. ఆ మాట చూడగానే కూర పలచనేమో అనిపిస్తుంది. చందా కట్టేవాళ్ల అసలు భయం, ఊరెళ్లిన రోజుల డబ్బు పోతుందని. ముందురోజు రాత్రిలోగా చెబితే ఆ పూటలను వచ్చే నెలకు జమ చేస్తాం. అందుకే 'తిన్న పూటకే లెక్క' అని రాశాం. ఇది చదివితే నెల చందా లేదని, ఏ పూటకాపూట కట్టొచ్చని పొరబడతారా?

ద్విత్వాలు, దీర్ఘాలు లేని రెండు మూడు అక్షరాల పేరు, జమ సంగతి తెలిసేలా నాలుగైదు మాటల ట్యాగ్‌లైన్ తడితే చెప్పండి.