మూణ్ణెల్ల షుగర్ 6.6, పరగడుపున 94: ఏది నమ్మాలి?

బ్రాడీపేట కోడలు
నాకు 38 ఏళ్లు. నెలసరి పది రోజులు పోతుంటే పరీక్షలు చేయించారు. హిమోగ్లోబిన్ 8.4, ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ 6. ప్యాకేజీలో మూణ్ణెల్ల షుగర్ కూడా ఉంది, 6.6 వచ్చింది. అది చూసి షుగర్ మాత్ర రాశారు. అదే రోజు పరగడుపున 94, తిన్న రెండు గంటలకి 122. స్ట్రిప్పు నాలుగు రోజులుగా బియ్యం డబ్బా మీదే ఉంది. మింగాలా?

పటమట బాబాయ్
వేసుకో తల్లీ. నేను మెంతులు నానబెట్టుకు తాగుతూ రెండేళ్లు పోగొట్టుకున్నా.

ల్యాబ్ మనిషి
బాబాయ్, ఆవిడ అడిగేది అది కాదు. అమ్మా, రిపోర్టు కింద సగటు గ్లూకోజ్ 143 అని ఉంటుంది చూడండి. అది కొలిచింది కాదు, 6.6 నుంచి లెక్కగట్టిందే. మీ 94, 122లకి ఆ సగటు అతకదు. మూణ్ణెల్లది కొలిచేది ఎర్రకణాలకి అంటిన చక్కెరని. ఐరన్ లేనప్పుడు కొత్త ఎర్రకణాలు తక్కువ పుడతాయి, ముసలి కణాలు ఎక్కువ మిగులుతాయి. అవి ఎక్కువ రోజులు చక్కెరలో నానినవి కాబట్టి అంకె పెరుగుతుంది. మాత్ర సంగతి మీరే తేల్చేయకండి. ఈ తేడా డాక్టర్‌కి చూపించి, 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి చేసే పరీక్ష అడగండి.

తెనాలి రోడ్డు
అంటే రక్తం తక్కువున్న అందరికీ ఎక్కువే చూపిస్తుందన్నమాట.

ల్యాబ్ మనిషి
సగమే నిజం. రక్తం పోయినా, ఎక్కించినా తగ్గించి చూపించొచ్చు. అప్పుడు ఒంట్లో ఉన్నవి ఎక్కువగా కొత్త కణాలు, లేదా వేరే వాళ్లవి.

తెనాలి రోడ్డు
అయ్యో! మా నాన్నకి మొలల వల్ల రక్తం పోయి రెండు బాటిళ్లు ఎక్కించారు. నెల తర్వాత 5.9 వస్తే పూతరేకులు పంచాం. ఇప్పుడు గ్లూకోమీటర్‌లో తిన్నాక 240 చూపిస్తోంది. మిషనే పాడైందనుకున్నాం.

బెంజ్ సర్కిల్ పాప
నాకు తలసీమియా మైనర్. మూణ్ణెల్లది 5.2, పరగడుపున మాత్రం ఎప్పుడూ 120 దగ్గరే. ఫ్రక్టోసమైన్ చేయించమన్నారు. పనికొస్తుందా?

ల్యాబ్ మనిషి
వస్తుంది. అది ఎర్రకణాల మీద కాదు, రక్తంలోని ప్రోటీన్ మీద అంటిన చక్కెర. గడిచిన రెండు మూడు వారాల సంగతే చెబుతుంది. అల్బుమిన్ బాగా తక్కువుంటే మాత్రం అదీ నమ్మలేం. మైనర్‌లో మూణ్ణెల్లది ఎటు తప్పుతుందో ముందే చెప్పలేం, మిషన్ పద్ధతిని బట్టి కూడా మారుతుంది. నేనైతే పరగడుపు, తిన్నాక అంకెలే చూస్తా.

బ్రాడీపేట కోడలు
గ్లూకోజ్ నీళ్లు తాగించి చేశారు. వాంతి వచ్చినంత పనైంది. పరగడుపున 92, రెండు గంటలకి 126. డాక్టర్ గారు షుగర్ మాత్ర ఆపి ఐరన్ రాశారు. నెల తర్వాత మూణ్ణెల్లది మళ్లీ చేయించనా?

ల్యాబ్ మనిషి
తొందరపడకండి. ఐరన్ మొదలెట్టగానే కొత్త కణాలు గుంపుగా వస్తాయి, అంకె ఉన్నదానికంటే కిందికి పోతుంది. హిమోగ్లోబిన్ నిలకడగా ఉన్నాక ఇంకో మూడు నెలలు ఆగండి.

తెనాలి రోడ్డు
నాన్న డాక్టర్ ఇంకా 5.9 చాలు అంటున్నారు. గ్లూకోమీటర్ రీడింగులు పుస్తకంలో రాసి రేపు తీసుకెళ్తున్నా.